చెయ్యి ఆగినచోట స్లైడు మారాలి

మా పిన్ని కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఒక సంక్రాంతికి నేను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన చుక్కల ముగ్గు చూసి, ఇంటి ముందు సిమెంటు నేల మీద వేద్దామని కూర్చుంది. అరగంటకు ఫోన్ చేసింది. "అక్కా, నీ గీత చుక్కల మీదుగా పోతోంది, నాది పక్కనుంచి పోతోంది. ఎక్కడ తప్పానో తెలియట్లేదు" అంది. ఫొటో పంపమన్నాను. గీత సరిగ్గానే గీసింది. తప్పు చుక్కల్లో ఉంది. పై వరుస చుక్కల్ని కింది చుక్కల సందుల్లో పెట్టాల్సింది, సరిగ్గా నెత్తిమీద పెట్టింది. అలా పెట్టకూడదని నేను ఎక్కడా చూపించలేదు. పంతొమ్మిది చుక్కల్నీ ఒక్క స్లైడులో పెట్టేసి, మరుసటి స్లైడులో ఏకంగా గీతలు మొదలుపెట్టాను. అంటే తప్పు పుట్టింది రెండో స్లైడులో, బయటపడింది మూడో స్లైడులో. మధ్యలో ఆగి సరిచూసుకునే చోటు నేను ఆమెకు ఇవ్వలేదు.

ఆ ముగ్గునే మళ్లీ మొదట్నుంచీ స్లైడులుగా విడగొట్టుకుంటూ నేర్చుకున్న సంగతులివి.

ముగ్గు చిన్నదే. అయిదు చుక్కలు, సందు చుక్క మూడు వరకు. ముగ్గులు వేసేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు. నడుమ వరుసలో అయిదు, దానికి పైనా కిందా నాలుగేసి, వాటికి అవతల మూడేసి. ప్రతి చుక్కా పక్క వరుసలోని రెండు చుక్కల సందులోకి వస్తుంది. సంక్రాంతి నెలలో వారపత్రికలు ముగ్గుల పేజీలు వేసినప్పుడు పూర్తయిన బొమ్మ, దాని కింద ఈ చుక్కల లెక్క ఇచ్చేవి. అంతకుమించి చెప్పేవి కావు, చెప్పాల్సిన పనీ ఉండేది కాదు. చూసేవాళ్లు చిన్నప్పట్నుంచీ అమ్మ పక్కన కూర్చుని చెయ్యి ఎటు తిరుగుతుందో చూసినవాళ్లు. ఈ రోజు ఫోనులో ముగ్గు నేర్చుకునే మనిషికి ఆ పక్కన కూర్చోవడం లేదు. అమ్మ చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఒక్క క్షణం వెనక్కి వాలి చూసుకుందో స్లైడే చూపించాలి.

ఒక అంచె అంటే ఏమిటన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అక్కడే ఉంది. ఒక గీతను ఒక అంచె అనుకుంటే ఈ ముగ్గుకు పాతిక స్లైడులైనా చాలవు. ఇన్‌స్టాగ్రామ్‌లో 2017లో క్యారసెల్ వచ్చినప్పుడు పది బొమ్మలకే వీలుండేది, 2024లో ఇరవైకి పెంచారు. ఇరవై ఉన్నాయి కదా అని ఇరవై ముక్కలు చేస్తే చూసేవాళ్లకు బొమ్మ మనసులో నిలవదు. అమ్మ ముగ్గు వేస్తుంటే చూడండి. నేల మీద త్రికోణం గీసేటప్పుడు మూడు పక్కల్నీ ఒక్క ఊపున గీస్తుంది. పిండి తీసుకోవడానికి చెయ్యి ఎత్తినా చూపు ఎత్తదు. త్రికోణం మూసుకున్నాకే వెనక్కి వాలుతుంది. చెయ్యి ఆగి, కన్ను సరిచూసుకునే ఆ చోటే అంచెకు హద్దు. అక్కడే స్లైడు మారాలి.

ఈ లెక్కన ఆ ముగ్గును ఎనిమిది స్లైడులు చేశాను. మొదటిది పూర్తయిన ముగ్గు, పైన చుక్కల లెక్క. రెండోది నడుమ వరుస, అయిదే అయిదు చుక్కలు. మూడో స్లైడులో పై సగం: అయిదు చుక్కల సందుల్లో నాలుగు, ఆ నాలుగింటి సందుల్లో మూడు. నాలుగోది అదే పని కిందివైపు. పై సగాన్నీ కింది సగాన్నీ విడదీయడం అవసరమా అని మొదట అనుకున్నాను. మా చెల్లెలు ఫొటో గుర్తుకొచ్చి విడదీశాను. సందులో పెట్టడమనే పని మొదటిసారి వచ్చేది మూడో స్లైడులో. తప్పితే అక్కడే తప్పుతారు. అందుకే అందులో ఒక సందు దగ్గర సన్నని బాణం గుర్తు పెట్టి, చుక్క ఎక్కడ వాలుతుందో దగ్గరగా చూపించాను. నాలుగో స్లైడుకు బాణం అక్కర్లేదు, అప్పటికి చేతికి అలవాటైపోతుంది.

అయిదో స్లైడుతో గీతలు మొదలు. పై వరుస నడిమి చుక్క దగ్గర మొదలుపెట్టి, ఎడమవైపు ఏటవాలుగా, కింది నాలుగు చుక్కల వరుసలో ఎడమ కొస దాకా రావాలి. దారిలో రెండు చుక్కలు తగులుతాయి. అక్కణ్నుంచి ఆ వరుస మీదుగా కుడి కొసకు, మళ్లీ పైకి, మొదలైన చుక్కకే. ఆరో స్లైడులో దీన్నే తలకిందులుగా, కింది వరుస నడిమి చుక్క నుంచి. రెండు త్రికోణాలు ఒకదాని మీద ఒకటి పడి ఆరు కొసల నక్షత్రం అవుతుంది. ఏడో స్లైడులో నడుమ చుక్క నుంచి దాని చుట్టూ ఉన్న ఆరు చుక్కలకు ఆరు ఆకులు. ఎనిమిదిలో నక్షత్రం కొస నుంచి పక్క కొసకు, మధ్యలో బయట మిగిలిన చుక్కను లోపల పెట్టుకుంటూ, ఒంపుగా ఆరు రేకలు చుట్టాలి. ఆరు ఆకుల్ని ఆరు స్లైడులు చేయనక్కర్లేదు. ఒక ఆకును ముదురు రంగులో పూర్తిగా చూపించి, మిగతా అయిదింటినీ సన్నగా గీస్తే చాలు. ఒకే కదలిక ఎన్నిసార్లు వచ్చినా అది ఒకే అంచె.

ఆరో స్లైడులో ఒక చిన్న వాక్యం కలిపాను: గీత తగలని చుక్కలు ఏడు ఉండాలి. నడుమ ఒకటి, బయట మూలల్లో ఆరు. పంతొమ్మిదిలో పన్నెండు చుక్కలు నక్షత్రం మీద ఉంటాయి కాబట్టి ఈ లెక్క ఎప్పుడూ తప్పదు. ఎనిమిదో తొమ్మిదో మిగిలాయంటే గీత ఎక్కడో చుక్కను వదిలేసిందని ఆకులు గీయకముందే తెలిసిపోతుంది. ప్రతి స్లైడుకూ ఇలాంటి లెక్క పెట్టనక్కర్లేదు. తర్వాతి పని అంతా దేనిమీద నిలబడుతుందో ఆ స్లైడుకు మాత్రం తప్పకుండా పెట్టాలి.

ఇక స్లైడు మీద రాసే మాట. తెలుగులో ఒక ఇబ్బంది ఉంది, ఒక వరమూ ఉంది. ఇబ్బంది మన "ఇ"కారాంత క్రియలతో. "చుక్కలు పెట్టి, త్రికోణం గీసి, ఆకులు వేసి, రేకలు చుట్టాలి" అని ఒకే వాక్యంలో నాలుగు పనుల్ని దొర్లించేయగలం. వినడానికి హాయిగా ఉంటుంది, ఒకే పనిలా అనిపిస్తుంది. ఫోను పట్టుకుని నేల మీద కూర్చున్న మనిషికి అది నాలుగు పనులు. అందుకని రాసిన వాక్యంలో పెట్టి, గీసి, తిప్పి లాంటివి ఎన్ని ఉన్నాయో చూసుకుంటాను. వాటిలో ఏ ఒక్కదాని దగ్గరైనా చెయ్యి ఆగేటట్టుంటే దాన్ని వేరే స్లైడుకు తోసేస్తాను. చెయ్యి ఆగకుండా సాగిపోయేదైతే ఉండనిస్తాను. "కుడి కొస దాకా వచ్చి పైకి తిప్పండి" అన్నదానికి కత్తెర వేయనక్కర్లేదు.

వరం మన వాక్యం నడిచే తీరులో ఉంది. తెలుగులో చోటు ముందు వస్తుంది, పని చివర వస్తుంది. "కింది వరుస నడిమి చుక్క నుంచి ఏటవాలుగా గీయండి" అంటే చదివేవాళ్ల కన్ను ముందు ఆ చుక్కను వెతుక్కుంటుంది, తర్వాతే చెయ్యి కదులుతుంది. సరిగ్గా కావాల్సింది ఇదే. ఒక స్లైడు బొమ్మ ఎక్కడ ముగిసిందో అక్కడే ఒక గుర్తు వదిలితే, తర్వాతి వాక్యం ఆ గుర్తుతోనే మొదలవుతుంది. నేను వచ్చే స్లైడుకు మొదలు కావాల్సిన చుక్క చుట్టూ చిన్న ఎర్ర సున్నా చుడతాను. అయిదో స్లైడులో త్రికోణం పూర్తయ్యేసరికి కింది వరుస నడిమి చుక్క చుట్టూ ఎర్ర సున్నా కనిపిస్తుంది. వేలితో స్లైడు జరిపితే కొత్త గీత సరిగ్గా అక్కణ్నుంచే లేస్తుంది. "ఇప్పుడు", "తరువాత", "ఇక" అన్న మాటలు అప్పుడు అవసరం పడవు.

ఈ అతుకు కుదరాలంటే బొమ్మ ఒక్క వెంట్రుకవాసి కూడా జరగకూడదు. నేల మీద వేస్తూ ఫొటోలు తీస్తే ఫోనును పైన ఒకేచోట బిగించి ఉంచాలి. చేత్తో పట్టుకుని తీసిన ఫొటోలు ఒక్కోటి ఒక్కో ఎత్తు నుంచి వస్తాయి, స్లైడు జరిపిన ప్రతిసారీ ముగ్గు ఎగిరి పక్కకు దూకినట్టు కనిపిస్తుంది. చూసేవాళ్లు కొత్త గీతను వదిలేసి పాత ముగ్గెక్కడుందో వెతుక్కుంటారు. కంప్యూటర్‌లో గీసేవాళ్లకు సులువు. ముందు పూర్తి ముగ్గు గీసుకుని, ఆ పేజీనే ఎనిమిదిసార్లు నకలు తీసి, వెనక నుంచి ఒక్కో అంచెనూ చెరుపుతూ రావాలి. ముందు నుంచి గీసుకుంటూ పోతే ఎక్కడో ఒక గీత అటూఇటూ అవుతుంది. పాత గీతలు లేత బూడిద రంగు, ఈ స్లైడులో వచ్చిన గీత ముదురు రంగు. గీతలకు ఇంతకుమించి రంగులు అక్కర్లేదు. నిలువు బొమ్మకు 1080కి 1350 పిక్సెళ్ల కొలత సరిపోతుంది. మొదటి స్లైడు కొలతే మిగతావాటికీ వర్తిస్తుంది కాబట్టి ఒకటి చదరంగా, మరొకటి నిలువుగా పెడితే అంచులు తెగిపోతాయి. తెలుగు అక్షరాల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. గుడులు పైకి, ఒత్తులు కిందికి సాగుతాయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడంలోనే తెలుగు పెడితే "చుక్క"లో కింది "క" ఒత్తు తర్వాతి వరుసలోని గుడికి తగులుతుంది. రెండు వరుసలకు మించి రాయకుండా, వాటి మధ్య ఎడం పెంచుకోవాలి.

రెండో స్లైడు గురించి ఒక మాట. మొదటి స్లైడు చూసి జరపకుండా వెళ్లిపోయినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి అదే పోస్టును రెండో స్లైడుతో మళ్లీ చూపిస్తుంది. అందుకని అందులో "పైన చెప్పినట్టు" లాంటి మాటలు పనికిరావు. నేను రెండో స్లైడు మూలన పూర్తయిన ముగ్గును చిన్నగా పెట్టాను, అయిదు చుక్కలే చూసినవాళ్లకు కూడా ఇది ఏమవబోతోందో తెలియాలని.

పోస్టు పెట్టేముందు మా పక్కింటి అమ్మాయిని కూర్చోబెట్టాను. తొమ్మిదో తరగతి, ముగ్గులు రావు. నేను ఏమీ చెప్పలేదు. కుడి చేతి వేళ్లకు పిండి అంటి ఉంది కాబట్టి ఎడమ చేతి వేలి కణుపుతో ఫోను జరుపుకుంటోంది. ఆ జరపడాన్నే చూస్తూ కూర్చున్నాను. ముందుకు జరిపితే సరే. వెనక్కి జరిపిందంటే ఆ వెనక స్లైడులో ఏదో లోటుంది. నాలుగు దాకా ఆగకుండా వచ్చింది. అయిదులో గీస్తూ సగంలో ఆగి, రెండుసార్లు నాలుగుకి వెళ్లి వచ్చింది. ఎందుకని అడిగితే, "ఆంటీ, పైన మూడు చుక్కలున్నాయి కదా, వాటిలో ఏది?" అంది. అయిదో స్లైడు వాక్యంలో నడిమి చుక్క అనే ఉంది. అయితే నాలుగో స్లైడులో దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టడం మరిచిపోయాను. చుక్కల స్లైడే కదా, గీతలు అయిదులో కదా మొదలవుతాయని అనుకున్నాను. అప్పటికప్పుడు ఆ సున్నా చుట్టి, పాత ముగ్గు తుడిపించి మళ్లీ వేయించాను. ఈసారి వెనక్కి ఒక్కసారీ జరపలేదు. ఆరో స్లైడు దగ్గర ఆగి, గీత తగలని చుక్కల్ని వేలితో లెక్కపెట్టుకుంది. ఏడు.