ఆఖరి అరగంట ఎన్నింటికి వస్తుంది?

ఇంట్లో సినిమా చూద్దామనుకున్నప్పుడు హీరో ఎవరు, దర్శకుడెవరు, ఎవరెవరు బాగుందన్నారు అని ఆరా తీస్తాం. ఓటీటీలో పేరు కిందే ఉండే నిడివిని మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తాం. మంగళవారం రాత్రి ఏ సినిమా పెట్టుకోవాలి, దేన్ని ఆదివారానికి దాచుకోవాలి అన్న ప్రశ్నకు నేను మొదట అడిగేది ఆ అంకెనే. సినిమా మంచిదో కాదో అది చెప్పదు. ఆఖరి అరగంట వచ్చేసరికి మన ఇంట్లో గడియారం ఎంత చూపిస్తుందో చెబుతుంది. కథ అంతవరకూ ముడి వేసినవన్నీ విప్పేది ఆ అరగంటలోనే. అది మెలకువగా ఉన్న కళ్ల ముందుకు వస్తుందా, మూతపడుతున్న కళ్ల ముందుకా అన్నది సినిమా మొదలుపెట్టకముందే లెక్కగట్టవచ్చు.

లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. పొద్దున ఆరింటికి లేవాల్సిన ఇల్లు అనుకుందాం. ఏడు గంటల నిద్ర కావాలంటే పదకొండుకు కన్ను మూతపడాలి. తెర ఆపిన వెంటనే నిద్ర పట్టదు కాబట్టి సినిమా పదిన్నరకల్లా అయిపోవాలి. భోజనాలు ముగించి, గిన్నెలు సర్దుకుని కూర్చునేసరికి ఎనిమిదీ ముప్పావు అవుతుంది. చేతిలో ఉన్నది గంటా నలభై ఐదు నిమిషాలు. ఒక ఫోను వస్తుంది, ఎవరో మంచినీళ్లకు లేస్తారు, పిల్లాడు రేపటి హోంవర్క్ ఇప్పుడు గుర్తుచేస్తాడు. వాటికి పావుగంట తీసేస్తే మిగిలేది గంటన్నర, మహా అయితే గంటా నలభై. మన తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం రెండుంబావు గంటలకూ మూడు గంటలకూ మధ్య ఉంటాయి. రెండున్నర గంటల సినిమాను ఎనిమిదీ ముప్పావుకే పెట్టినా, ఆ పావుగంట కలిస్తే పదకొండున్నరకు ముగుస్తుంది. నిద్ర పట్టేసరికి పన్నెండు. అంటే వారం మధ్యలో మామూలు తెలుగు సినిమా ఒక్క రాత్రిలో పట్టదు. 2021లో వచ్చిన ‘సినిమా బండి’ 98 నిమిషాలే. అలాంటిది ఆ వేళకు సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడే మన సినిమాకున్న ఒక సౌకర్యం అక్కరకొస్తుంది. మన రచయితలు విశ్రాంతిని దృష్టిలో పెట్టుకుని కథ రాస్తారు. ఇంటర్వెల్ దగ్గర ఒక మలుపు వేస్తారు, సెకండాఫ్‌ను ఆ మలుపు పర్యవసానాలతోనో ఫ్లాష్‌బ్యాక్‌తోనో ఎత్తుకుంటారు. కాబట్టి రెండున్నర గంటల సినిమాను రెండు రాత్రులకు పంచుకోవచ్చు. ఒక్కో సగం సుమారు గంటంబావు. మంగళవారం ఫస్టాఫ్, బుధవారం సెకండాఫ్. రెండింటి మధ్య ఒక్క పగలే ఉండాలి. మూడు రోజులు గడిస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ వెసులుబాటు విశ్రాంతి కోసం రాయని సినిమాలకు ఉండదు. అవి మన థియేటర్లకు వచ్చినప్పుడు నడుమ ఎక్కడో ఆపి లైట్లు వేస్తారు గానీ, కథకు అక్కడ కీలు లేదు. అలాంటి రెండున్నర గంటల సినిమా ఏదైనా ఉంటే దాన్ని విరగ్గొట్టకుండా సెలవు రోజుకు ఉంచడమే మేలు.

మన సినిమాల్లోనూ సగానికి విరవకూడనివి ఉన్నాయి. 1957లో కె.వి.రెడ్డి తీసిన ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు. సగానికి విరిస్తే తొంభై రెండు. లెక్క ప్రకారం రెండు రాత్రులకు చక్కగా సరిపోతుంది. అయినా నేనైతే విరవను. ఆ సినిమా మొదటి సగం ఓపిగ్గా అప్పులు చేస్తుంది. బలరాముడి మాట, రేవతి ఆశ, శశిరేఖ ఎదురుచూపు, శకుని ఎత్తు, అన్నీ ఒక్కొక్కటిగా పేరుస్తుంది. ఘటోత్కచుడు మాయాశశిరేఖ అయ్యాక ఆ అప్పులన్నీ వడ్డీతో తీరతాయి. సావిత్రి ఒంట్లోంచి ఒక రాక్షసుడు తొంగిచూసే ఆ నటన పూర్తిగా పండాలంటే, అసలు శశిరేఖ ఎలా నడిచింది, ఎలా సిగ్గుపడింది అన్నది కళ్లలో తడి ఆరకుండా ఉండాలి. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే ఆ పెళ్లి హడావుడి పదకొండు దాటాక వస్తుంది, పిల్లలు అప్పటికే నిద్రపోయి ఉంటారు. అదే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పెట్టి, నడుమ టీ తాగినా, ఐదున్నరకల్లా అయిపోతుంది. ఇంట్లో అందరూ మెలకువగా ఉంటారు.

ఇంతకూ వారాంతం అంటే ఏది? నేను దాన్ని క్యాలెండర్‌తో కాదు, మర్నాటి అలారంతో కొలుస్తాను. ఆదివారం రాత్రి పేరుకు సెలవే గానీ తెల్లవారితే సోమవారం, కాబట్టి లెక్కలో అది వారం మధ్య రాత్రే. శనివారం కూడా కొట్టు తెరవాల్సిన వాళ్లకు, బడికి వెళ్లాల్సిన పిల్లలకు శుక్రవారం రాత్రీ అంతే. మూడు గంటల సినిమాకు నిజంగా తగినవి శనివారం రాత్రి, ఆదివారం పగలు. పెట్టబోయేది ఏ వెర్షనో కూడా చూసుకోవాలి. ‘పుష్ప 2’ 2024 డిసెంబరులో విడుదలైనప్పుడు 200 నిమిషాలు. మరుసటి నెల ఇరవై నిమిషాలకు పైగా కలిపారు, ఓటీటీలోకి 224 నిమిషాలుగా వచ్చింది. థియేటర్ నాటి నిడివిని గుర్తుపెట్టుకుని కూర్చున్నవారికి దాదాపు అరగంట తేడా పడుతుంది.

ఈ నిడివి లెక్కకు గట్టి అభ్యంతరం ఒకటుంది. మూడు గంటల సినిమా పరుగెత్తవచ్చు, గంటన్నర సినిమా నత్తనడక నడవవచ్చు, నిమిషాలతో ఏం తెలుస్తుంది అంటారు. నడక గురించి ఏమీ తెలియదన్నది నిజమే. కానీ సినిమా ఎంత వేగంగా సాగినట్టనిపించినా పొద్దున ఆరు మాత్రం ఆరింటికే అవుతుంది. పైగా పరుగెత్తే సినిమాను పదిన్నరకు ఆపడం ఇంకా కష్టం. ఈ అభ్యంతరానికి రెండో వైపు మాత్రం నేను తలవంచుతాను. మలయాళ ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ సరిగ్గా వంద నిమిషాలు, గడియారం దాన్ని మంగళవారానికి సరే అంటుంది. కానీ రోజంతా వండి, వడ్డించి, అప్పుడే సింకు కడిగి వచ్చి కూర్చున్న మనిషికి అదే చాకిరీని తెరమీద చూడటం ఏమంత తేలిక కాదు. చూశాక మాట్లాడుకోవడానికి కూడా సమయం కావాలి. కాబట్టి నిడివికి నేను ఇచ్చే అధికారం సగమే. ఈ రాత్రికి ఈ సినిమా వద్దని అది చెప్పగలదు, తప్పకుండా చూడమని చెప్పలేదు. ఆ రెండో మాట కథాంశాన్ని బట్టి మనమే చెప్పుకోవాలి.

ఒక్క రాత్రి నిద్ర తగ్గితే ఏమవుతుందని అడిగేవారూ ఉంటారు. మనకు పెద్దగా ఏమీ కాకపోవచ్చు, నష్టపోయేది సినిమా. ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశారు అన్న తీర్పు మన నోట తరచూ వస్తుంది. చాలాసార్లు అది న్యాయమైనదే. కానీ ఇంట్లో రాత్రి పదకొండున్నరకు, రేపటి పని తలుచుకుంటూ, మిగిలిన నిమిషాలు ఎన్నో మాటిమాటికీ చూసుకుంటూ ఇచ్చిన తీర్పులో సినిమా తప్పెంతో, వేళ తప్పెంతో విడదీయలేం. తొమ్మిదికి ముచ్చటగా అనిపించిన నిదానం పదకొండు దాటాక సాగదీతగా కనిపిస్తుంది. అదే సన్నివేశం ఆదివారం మధ్యాహ్నం వస్తే, బాగాలేదని అన్నా సరే, ఆ మాట సినిమాను చూసి అన్నదవుతుంది.