పర్యాయపదాల మార్పిడి – భావ పునర్లేఖనం

పరిశోధన వ్యాసాల్లో సాదృశ్యం పది శాతం లోపు ఉంటే దానిని చిన్నపాటి పోలికగా భావించి శిక్ష విధించనక్కరలేదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంఖ్యను అందుకోవడానికి కొందరు పదాలను మార్చే యంత్రసాధనాలను ఆశ్రయిస్తున్నారు. 2021లో కాబనాక్, లాబే, మగజినోవ్ అనే పరిశోధకులు ఇటువంటి రాతల జాడను బయటపెట్టారు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అన్న పారిభాషిక పదం ఆ వ్యాసాల్లో ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’గా, అంటే దొంగ చైతన్యంగా మారింది. వారు వీటికి పెట్టిన పేరుకు ‘హింసకు గురైన పదబంధాలు’ అన్న అర్థం వస్తుంది.

తెలుగులో ఈ హింస మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఒక వాక్యాన్ని ఊహించి చూడవచ్చు: “కన్యాశుల్కంలో గురజాడ వాడుక భాషను ప్రయోగించడం వల్ల పాత్రల సామాజిక స్థాయి వారి మాటల్లోనే వెల్లడైంది.” నిఘంటువు క్రమంలో పదాలను మారిస్తే “కన్యామూల్యంలో గురజాడ అలవాటు భాషను పరీక్షించడం వల్ల గిన్నెల సాంఘిక ఎత్తు వారి పలుకుల్లోనే బయల్పడింది” అని తయారవుతుంది. ‘పాత్ర’కు గిన్నె అన్న అర్థం ఉన్నమాట నిజమే, కాని నాటకంలో కాదు. ‘ప్రయోగం’ భాషలో ఒకటి, ప్రయోగశాలలో మరొకటి. గ్రంథనామం సైతం మారిపోయింది. సమాసాల్లోనూ ఇదే చిక్కు: ‘భాషాశాస్త్రం’లో మొదటి పదాన్ని మార్చి ‘నుడిశాస్త్రం’ అంటే వైరి సమాసమవుతుంది. ఇంతకూ వాక్యనిర్మాణం చెక్కుచెదరలేదు. హేతువు ముందు, ఫలితం తరువాత, మూలంలో ఉన్నట్లే ఉన్నాయి. పరుల ఆలోచన పరులదిగానే మిగిలింది, పైగా చెడింది.

భావాన్ని తిరగరాయదలచినవారు మూలాన్ని చదివి, మూసి, అందులోని ప్రతిపాదనను తమ మాటల్లో రాసుకోవాలి. పై వాక్యంలో ఉన్నవి రెండు: నాటకం వాడుక భాషలో ఉంది, మాటతీరు సామాజిక స్థాయిని తెలుపుతుంది. ఈ రెండింటినీ విడదీయగానే ఒక ప్రశ్న పుడుతుంది. వాడుక భాష అంతా ఒకటే అయితే స్థాయీభేదం ఎలా తెలుస్తుంది? ‘వాడుక భాష’ అన్న ఏకవచనం కప్పిపెట్టిన విషయమిది. అప్పుడు పునర్లేఖనం ఇలా ఉండవచ్చు: “కన్యాశుల్కంలోని వాడుక ఏకరూపమైనది కాదు. గిరీశం ఇంగ్లీషు కలిపి మాట్లాడే తీరును అగ్నిహోత్రావధాన్ల మాటతో పోల్చినప్పుడు, భాష ద్వారానే పాత్రల స్థాయి తెలుస్తుందన్న విమర్శకుని అభిప్రాయం బలపడుతుంది.” మొదటి వాక్యం పరిశోధకునిది, అభిప్రాయం విమర్శకునిది, ఆ హద్దు వాక్యంలోనే కనబడుతోంది. కాబట్టి పేరు, పుటసంఖ్య ఇవ్వడం ఇక్కడా తప్పదు.

పారిభాషిక పదాలను మాత్రం తాకరాదు. పాత్ర పాత్రగానే, వాడుక భాష వాడుక భాషగానే ఉండాలి. వాటివల్ల పెరిగే ఒకటి రెండు శాతాలకు ఏ పర్యవేక్షకుడూ అభ్యంతరం చెప్పడు. మూలకర్త మాటే ముఖ్యమైనప్పుడు ఉద్ధరణ చిహ్నాల్లో యథాతథంగా ఇవ్వడమే మేలు. రాసిన పేరాను చివర మూలం పక్కన పెట్టి చూడాలి. పదాలు వేరైనా వాక్యాల వరుస అదే అయితే, మూలాన్ని మళ్ళీ మూసి రాయవలసి ఉంటుంది.