తరగతిలో ‘మాలపల్లి’

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ తమిళనాటి తెలుగువారికి ఒక విధముగా పొరుగింట పుట్టిన గ్రంథము. పల్నాటి పుల్లరి సత్యాగ్రహ సంబంధమున శిక్ష పొంది వేలూరు చెరసాలలో నున్న కాలమున ఆయన దానిని రచించిరి. 1922లో అది అచ్చయినది. మరుసటి యేడే మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయము వారు పాఠ్యగ్రంథముగా స్వీకరింపగా 1936లో మరల నిషేధము వచ్చినది. 1937లో రాజాజీ మంత్రివర్గ మేర్పడిన పిదప అది తొలగినది. ఈ రెండవ నిషేధము ఉపాధ్యాయుడు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. ఒకడు ఒంటరిగా చదువుకొనుటకంటె నలువదిమంది కూడి చర్చించుటకే ఏలికలు ఎక్కువ జంకిరేమో యనిపించును.

నేడు ఆ గ్రంథమునకు ఏ ప్రభుత్వపు టాజ్ఞయు అడ్డులేదు. అయినను తరగతిలో దానికి తెలియకుండనే రెండు విధములుగా నిషేధము జరుగుచున్నది. ఒకరు గ్రంథకర్త జీవితము చెప్పుదురు, గుంటూరు సీమ వాడుకభాష సొగసు చెప్పుదురు, రామదాసు భక్తిని పొగడుదురు. సంగదాసు హత్యను మాత్రము ఒక్క వాక్యమున దాటింతురు. మరొకరు హత్యయొద్ద నిలిచి అస్పృశ్యత మహాపాతకమని గంటసేపు ఉపన్యసింతురు. పిల్లలు ఆ మాటలనే పరీక్షలో తిరిగి వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. నా మట్టుకు నాకు రెండవదియే ఎక్కువ నష్టమని తోచును. మొదటివాని శిష్యుడు ఎన్నడైన ఆ పుటలను తానై తెరచి చూడవచ్చును. రెండవవాని శిష్యుడు తనకంతయు తెలిసినదని వాటిని తెరవనే తెరవడు.

మన తరగతులలో నెవరెవరు కూర్చుందురో కూడ తలచుకొనవలెను. పరరాష్ట్రమున మనమందరము ‘తెలుగువారము’ అను ఒక్క పేరు క్రింద కూడుకొందుము. కాని కోయంబుత్తూరు ప్రాంతమున భూములుగల కుటుంబముల వారును తెలుగువారే; చెన్నపట్టణమున తరతరములుగా వీధులూడ్చు పనిలో నున్న కుటుంబములలో అనేకులును తెలుగువారే. వీరి బిడ్డలు ఒక్క బల్లపై కూర్చున్నప్పుడు గ్రంథనామమును పలుకుటయే మొదటి చిక్కు. ఆ మాటను గొణిగినను, తప్పించి ‘ఆ నవల’ అన్నను, బిడ్డలకది సిగ్గుపడవలసిన మాటయని తెలియజేసినట్లే. ఉపాధ్యాయుడు దానిని తిన్నగా పలికి రెండు సంగతులు చెప్పవలెను: ఇది ఒక కులము పేరు, ఆ కులమువారు తమ సంఘములకు తామే పెట్టుకొన్న పేరు, ఇదే మాటను తిట్టుగా ప్రయోగించినచో 1989 నాటి చట్టము ప్రకారము నేరము. ఈ భేదము పదునైదేండ్ల పిల్లలకు చక్కగా తెలియును. అంతకుమించి ఆ గంటలో చెప్పనక్కరలేదు.

ఇక ఘట్టము. మంగళాపురమున ధాన్యపు ధర పెరిగినప్పుడు, ధాన్యముగా నిచ్చుచున్న కూలిని డబ్బుగా నిత్తుమని ఆసాములు మార్పు తెచ్చుటతో కలహము మొదలగును. కూలీల పక్షమున నిలిచిన సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు మరణించును. కూలి తగాదా మొదలుకొని ఈ మరణము వరకు గల పుటలను విద్యార్థులు మౌనముగా చదువవలెను. చదివిన వెంటనే మాటలాడనీయక పదినిమిషములు చీటీలపై వ్రాయింపవలెను. చీటీపై పేరుండరాదు. ప్రశ్న యొక్కటే: ‘1923లో ఈ పుటలను చదివిన ప్రభుత్వోద్యోగి యే వాక్యమునకు భయపడి యుండును? ఆ వాక్యమును చూపుము.’

ఈ ప్రశ్నలో ఒక సౌకర్యము కలదు. ఇది విద్యార్థి తన కులమునుగాని తన హృదయమునుగాని బయటపెట్టవలెనని కోరదు. పుస్తకమును చూడుమని మాత్రమే కోరును. మొదట పెక్కుమంది ఆవేశపు మాటలు గల తావులనే చూపుదురు. వాటిని చదివి వినిపించి, ఆవేశము లేని వాక్యములలో భయపడదగిన దేమైన కలదా యని రెండవమారు అడుగవలెను. అప్పుడు ఎవడో ఒకడు కూలి లెక్కను పట్టుకొనును. లెక్కకై రోజుకూలి కుంచెడు ధాన్యమనుకొందము. కుంచము వెల నాలుగణా లున్ననాడు నాలుగణాలు చేతబెట్టినను, కుంచెడు గింజలు కొలిచినను ఒక్కటే. వెల ఎనిమిదణాలైన నాడు ఆ నాలుగణాలకు అరకుంచమే వచ్చును. కూలి తగ్గించితిమని ఎవరు ననలేదు, కాని కూలివాని కుండలో సగము తగ్గినది. నల్లబల్లపై ఈ లెక్క వేసిన పిదప ఆ పుటలను మరల చదివించినచో, హత్య ఒక కోపిష్టి క్షణికావేశము మాత్రమే కాదని ఎవరును ఉపన్యసింపకయే తెలిసిపోవును.

చర్చ తప్పుదారి పట్టుటకు గుర్తులు కలవు. ‘అదంతయు ఆ కాలపు మాట’ యని ఒకడనగా తక్కినవారు తలలూపుట యొకటి. దానిని ఖండింపరాదు, ఈ ఘట్టమున నున్నవానిలో ఏది గతించినది, ఏది గతింపలేదు, పంక్తులు చూపుమనవలెను. రెండవది మరింత సున్నితము: తరగతి చూపులన్నియు ఒక బిడ్డ వైపు తిరుగుట. ‘నీవు చెప్పు, నీకు తెలియును గదా’ యని ఉపాధ్యాయుడే అడుగుట దీనికి పరాకాష్ఠ. సదుద్దేశముతోనే అడుగుదురు, అడుగబడిన బిడ్డ ఆ క్షణమున విద్యార్థిగా నుండక సాక్షిగా మారును. తానై చెప్పదలచిన బిడ్డ మాట వేరు; దానిని అందరి మాటవలెనే వినవలెను.

భూములుగల యింటి బిడ్డ తన తాతను దూషించుచున్నారని ముడుచుకొనుట కూడ సహజమే. ‘అందరు నట్టివారు కారు’ అని ఓదార్చుట సులభము. దానికంటె చౌదరయ్య కొడుకైన రామానాయుని చూపుట మేలు. హతుడు అతని స్నేహితుడు. హంత అతని తండ్రి. అతడేమి చేసెను, ఏమి చేయలేకపోయెను అని పుటలు తిప్పించిన, ఆ బిడ్డకు దూషణగాని ఓదార్పుగాని కాని మరియొక చోటు పుస్తకములోనే దొరకును.

తరువాతి గంట తండ్రీకొడుకులది. కన్నకొడుకు చంపబడినను రామదాసు పగ తలపెట్టక కర్మమనియు క్షమయనియు తన్ను తాను నిలువరించుకొనును. పెద్దకొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడను పేర బందిపోటై ధనికులను దోచి పేదలకు పంచును. ఎవరిది న్యాయమని ఓటు వేయించిన చర్చ అక్కడనే చచ్చును. ‘రామదాసు క్షమించుట వలన ఎవరికి మేలు కలిగినది?’ అని యడిగి ఊరకుండవలెను. ఆ మౌనము కొంత దీర్ఘముగా నుండును. దానిని తన మాటలతో పూరింపవలెనన్న ఆత్రమును అణచుకొనుటయే ఉపాధ్యాయునికి కష్టమైన పని.

గ్రంథకర్తను విమర్శింపనిచ్చుటకు కూడ సిద్ధపడవలెను. ఉన్నవవారు పల్లెలో పుట్టినవారు కారు; ఐర్లండున చదివిన న్యాయవాది, బ్రాహ్మణులు. రామదాసు కుటుంబమును అంత వైష్ణవ సదాచారముతో, అంత తత్త్వజ్ఞానముతో చిత్రించుట యెందుకు? ఆచారవంతులు కాని మాలలైనచో పాఠకుడు వారి దుఃఖమునకు కంటతడి పెట్టడని సందేహించిరా? ఈ ప్రశ్న విద్యార్థి నోట వచ్చినచో 1922 నాటి సాహసమును వర్ణించి వానిని నోరు మూయించుట తగదు. సందేహము సరియైనది. అదే సమాజమున పుట్టిన బోయి భీమన్నగారి ‘పాలేరు’ నాటకమును తెచ్చి, అందలి పాలేరును ఈ సంగదాసు ప్రక్కన నిలిపి, ఇద్దరును యజమానులతో నెట్లు మాటలాడుదురో పోల్చి చదువుటకు తరువాతి వారము కేటాయింపవచ్చును.