రాష్ట్రీయ ఇస్పాత్ అంటే ఏ కేసు? మూట్ మెమోరియల్‌లో పట్టిక సరిచూసే పని

సుప్రీంకోర్టు తీర్పులు అచ్చయ్యే ఎస్‌సీసీలో 2006 సంవత్సరపు ఏడో సంపుటి తీస్తే విశాఖ రెండుచోట్ల కనిపిస్తుంది. 275వ పేజీలో ఉక్కు కర్మాగారం కేసు: రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ వర్సెస్ వర్మ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ. 664వ పేజీలో రేవు కేసు: విశాఖపట్నం పోర్ట్ ట్రస్ట్ బోర్డు వర్సెస్ టి.ఎస్.ఎన్. రాజు. ఆరేళ్లు గడిచాక 2012 సంవత్సరపు ఐదో సంపుటి 306వ పేజీలో రాష్ట్రీయ ఇస్పాత్ మళ్లీ వస్తుంది, ఈసారి దివాన్ చంద్ రామ్ శరణ్ మీద. రాష్ట్రీయ ఇస్పాత్ పేరుతో ఉన్న ఆ రెండు కేసులూ ఆర్బిట్రేషన్‌కు సంబంధించినవే. కాంట్రాక్టు, మధ్యవర్తిత్వం కలిసిన మూట్ సమస్య ఇస్తే రెండూ ఒకే మెమోరియల్‌లో చేరడం సహజం. పేరులో మొదటి సగం ఒకటే కాబట్టి పట్టిక తప్పడానికి అవకాశం అక్కడే మొదలవుతుంది.

సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనైనా, ఆంధ్ర విశ్వవిద్యాలయం లా కాలేజీలోనైనా మూట్ కోర్టు అందరూ చేయాల్సిన పనే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్యా నిబంధనల్లో దాన్ని తప్పనిసరి పేపర్‌లో భాగం చేసింది. ఒక్కో మూట్‌కు 10 మార్కులైతే అందులో సగం రాతపూర్వక వాదానికే. ఆ రాతపూర్వక వాదమే మెమోరియల్. అట్ట తర్వాత విషయసూచిక, సంక్షిప్తాల జాబితా, ఆ వెనకే ఇండెక్స్ ఆఫ్ అథారిటీస్, అంటే ప్రమాణాల పట్టిక ఉంటాయి. మనం ఆధారపడిన ప్రతి తీర్పు, చట్టం, పుస్తకం ఏయే పేజీల్లో వచ్చిందో ఈ పట్టిక చెబుతుంది. ధర్మాసనం మీద కూర్చున్నవారు మెమోరియల్‌ను మొదటినుంచి చదువుతూ రారు. ఫలానా తీర్పును ఎక్కడ వాడారో చూడాలంటే పట్టిక తీసి, అందులోని అంకె పట్టుకుని ఆ పేజీకి వెళ్తారు. అక్కడ ఆ తీర్పు లేకపోతే వాదిస్తున్న విద్యార్థి మాట మధ్యలోనే ఆగిపోతుంది.

చాలా జట్లు ఈ పనిని పట్టిక వైపు నుంచి చేస్తాయి. పట్టికలో ఒక పేరు, దాని ఎదుట ఒక అంకె. ఆ పేజీ తెరిచి, పేరు కనిపించగానే టిక్ కొట్టి, తర్వాతి పేరుకు పోతారు. వేగంగా సాగుతుంది, అన్నీ టిక్కులే పడతాయి, మనసు కుదుటపడుతుంది. కానీ ఈ దారిలో పట్టికలో ఉన్నదాని తప్పొప్పులు కొంతవరకు తేలతాయేగానీ, పట్టికలోకి ఎక్కకుండా పోయినది ఎప్పటికీ తేలదు. అందుకే సరిచూడటం ఒంటి నుంచి, అంటే వాదన భాగం నుంచి, పట్టిక వైపు సాగాలని నా గట్టి అభిప్రాయం.

ఒక ఊహా మెమోరియల్ తీసుకుని చూద్దాం. ప్రభుత్వ రంగ ఉక్కు కంపెనీకీ, దాని సరుకు ఎత్తి దించే కాంట్రాక్టరుకూ తగాదా. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నా కాంట్రాక్టరు సివిల్ కోర్టుకెళ్లి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు అడిగాడు. కంపెనీ ఆ అభ్యర్థనకు జవాబిచ్చి, ఆ తర్వాత సెక్షన్ 8 కింద వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపమంది. జవాబిచ్చాక ఆ హక్కు పోయినట్టేనా అన్నది మొదటి అంశం. ఇక్కడ వర్మ ట్రాన్స్‌పోర్ట్ తీర్పు ఉక్కు కంపెనీకి అండగా నిలుస్తుంది. తాత్కాలిక ఉత్తర్వును వ్యతిరేకించినంత మాత్రాన అది వివాదం సారాంశంపై తొలి జవాబు కాదని ఆ తీర్పు చెప్పింది. రెండో అంశం, ఒప్పందంలోని పన్ను నిబంధనకు ఆర్బిట్రేటర్ చెప్పిన అర్థాన్ని కోర్టు మార్చవచ్చా అన్నది. దీనికి దివాన్ చంద్. ఆ కేసులోనూ తగాదా సర్వీస్ టాక్స్ భారం ఎవరిదన్నదే. ఆర్బిట్రేటర్ తీసుకున్న అర్థం సాధ్యమైనదే అయితే కోర్టు తన అర్థాన్ని దాని స్థానంలో పెట్టకూడదని సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ మెమోరియల్ పట్టికలో వర్మ ట్రాన్స్‌పోర్ట్ ఎదుట 3, 6, 12 అని, దివాన్ చంద్ ఎదుట 9 అని ఉందనుకోండి. పట్టిక వైపు నుంచి వెళ్తే మూడో పేజీలో వర్మ ట్రాన్స్‌పోర్ట్ పూర్తి పేరు ఉంది. ఆరో పేజీ ఫుట్‌నోట్‌లో “రాష్ట్రీయ ఇస్పాత్, సుప్రా నోట్ 9” అని ఉంది. పన్నెండో పేజీలోనూ అదే మాట. తొమ్మిదో పేజీలో దివాన్ చంద్ పూర్తి పేరు కనిపిస్తుంది. నాలుగు అంకెలకూ నాలుగు టిక్కులు పడ్డాయి, తప్పు ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు ఒంటి వైపు నుంచి రండి. ఒక ఎక్సెల్ షీటులో మూడు గడులు చాలు: పేజీ, ఫుట్‌నోట్ అంకె, ప్రమాణం పూర్తి పేరు. వాదన మొదటి పేజీ నుంచి ప్రతి ఫుట్‌నోట్‌కూ ఒక వరుస రాయాలి. `Id.` అని ఉన్నచోట `Id.` అని రాయకూడదు, అది దేన్ని చూపుతోందో ఆ పూర్తి పేరే రాయాలి. మూడో పేజీలో 9వ నోట్ వర్మ ట్రాన్స్‌పోర్ట్. 10వ నోట్ `Id.`, అంటే అదే కేసు. పేజీ మారి నాలుగో పేజీలో 11వ నోట్ కూడా `Id.`, అంటే మళ్లీ వర్మ ట్రాన్స్‌పోర్టే. పట్టికలో 4 లేదు. తొమ్మిదో పేజీలో 24వ నోట్ దివాన్ చంద్, పదో పేజీలో 26వ నోట్ `Id.`. మధ్యలోని 25 కూడా దివాన్ చందే కాబట్టి 26 కూడా అదే. పట్టికలో 10 లేదు. ఇక పన్నెండో పేజీలో 31వ నోట్ “రాష్ట్రీయ ఇస్పాత్, సుప్రా నోట్ 9”. దాని పైనున్న వాక్యం ఆర్బిట్రేటర్ ఇచ్చిన అర్థం సాధ్యమైనదేనా అని మాట్లాడుతోంది. అది దివాన్ చంద్ మాట, వర్మ ట్రాన్స్‌పోర్ట్‌ది కాదు. ఆరో పేజీ నోటును ఎవరో కాపీ చేసి ఇక్కడ అతికించారు. పన్నెండో పేజీలో నోట్ 24 అని ఉండాలి. షీటును పేరు వారీగా సర్దితే సరైన పట్టిక దానంతటదే బయటపడుతుంది: వర్మ ట్రాన్స్‌పోర్ట్ 3, 4, 6, దివాన్ చంద్ 9, 10, 12.

ఇందులో చివరి తప్పు పట్టిక తప్పు మాత్రమే కాదు. వాదనే తప్పుడు తీర్పు మీద నిలబడింది. దీనికి మందు షీటులో లేదు, రాతలో ఉంది. పేరులో ఒక పక్షం రెండు కేసుల్లో వస్తే, పొట్టి పేరుకు రెండో పక్షాన్ని తీసుకోవాలి. ఒకటి వర్మ ట్రాన్స్‌పోర్ట్, ఒకటి దివాన్ చంద్ అని మొదటి నోట్‌లోనే ఖాయం చేసుకుంటే “రాష్ట్రీయ ఇస్పాత్” అన్న మాట ఒంటరిగా ఎక్కడా రాదు. ఎం.సి. మెహతా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియాకు ఈ ఉపాయమూ సరిపోదు. శ్రీరామ్ ఫ్యాక్టరీ వాయువు లీకు వ్యవహారంలోనే (1986) 2 ఎస్‌సీసీ 176, (1987) 1 ఎస్‌సీసీ 395 అని రెండు తీర్పులున్నాయి, రెండింట్లోనూ పక్షాలు అవే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైన ఘటన మీద మూట్ సమస్య రాసుకునే ఏ జట్టయినా ఈ రెంటినీ తాకుతుంది. అక్కడ పొట్టి పేరుతోపాటు సంవత్సరం కూడా రాయాలి. ఆ 1987 తీర్పే ఏఐఆర్‌లో 1987 సుప్రీంకోర్టు 1086గా అచ్చయింది. ఒకచోట ఎస్‌సీసీ, ఇంకోచోట ఏఐఆర్ రాస్తే ఒకే తీర్పు పట్టికలో రెండు వరుసలుగా కూర్చుంటుంది.

కంప్యూటర్‌లో వెతికితే సరిపోదా అని విద్యార్థులు అడుగుతారు. సరిపోదు. పేరు వరుస చివర విరిగి రెండో వరుసకు పోతే పీడీఎఫ్ వెతుకులాటలో దొరక్కపోవచ్చు. `Id.` లో అసలు పేరే ఉండదు. వర్డ్‌లో `Alt+Shift+I` నొక్కి ప్రతి ప్రమాణాన్నీ గుర్తుపెడితే పట్టిక తనంతట తాను తయారవుతుంది, మంచి సదుపాయమే. కానీ గుర్తు పెట్టనిది అందులోకి రాదు. ఆ గుర్తులు దాచిన అక్షరాలుగా ఉంటాయి. `Ctrl+Shift+8` తో అవి తెరమీద కనిపిస్తున్నప్పుడు పట్టికను అప్‌డేట్ చేస్తే, అవి ఆక్రమించిన చోటు వల్ల పేజీలు జరిగి అంకెలు తప్పుతాయి. వాటిని దాచి, ఆ తర్వాతే అప్‌డేట్ చేయాలి. ఐదు అంతకుమించి పేజీల్లో వచ్చిన ప్రమాణానికి అంకెలు తీసేసి “పాసిమ్” అని రాసే అమరిక కూడా వర్డ్‌లో ముందే వేసి ఉంటుంది. పోటీ నిబంధనలు ప్రతి పేజీ అంకె అడిగితే దాన్ని తీసేయాలి.

ఫుట్‌నోట్ల అంకెల్ని వర్డ్ తానే మార్చుకుంటుంది. చేత్తో టైపు చేసిన “సుప్రా నోట్ 9”ను మాత్రం మార్చదు. చివరి రాత్రి 5వ నోట్ తర్వాత ఒక కొత్త నోట్ చేర్చితే వర్మ ట్రాన్స్‌పోర్ట్ 10 అవుతుంది, దాన్ని చూపే మాటలన్నీ 9 దగ్గరే ఉండిపోతాయి. ఆ కొత్త నోట్ 10కీ 11కీ మధ్య పడితే ఇంకా ప్రమాదం. నాలుగో పేజీలోని `Id.` వర్మ ట్రాన్స్‌పోర్ట్‌ను వదిలి కొత్తగా వచ్చిన ప్రమాణాన్ని చూపుతుంది. పైకి ఏ తేడా కనిపించదు. కాబట్టి కొత్త నోట్ చేర్చిన ప్రతిసారీ దాని కిందనున్న నోట్‌ను అప్పుడే చూసుకోవాలి.

చట్టాల విషయంలో ఇంకో లోటు. సెక్షన్ 8, సెక్షన్ 34 వంటివి తరచు ఫుట్‌నోట్‌లో కాక వాక్యంలోనే వస్తాయి. ఫుట్‌నోట్లు మాత్రమే ఎక్కించిన షీటులో అవి ఉండవు. అందుకని ఒక్కో పేజీలో నోట్లు ముగించాక పై వాక్యాలు కూడా చదివి, అక్కడి చట్టాల్ని అదే షీటులో చేర్చాలి.

విషయసూచికకూ ఇదే న్యాయం వర్తిస్తుంది, పని మాత్రం తక్కువ. వాదనల శీర్షికలు మూట్‌లో నిండు వాక్యాలు. ఒంట్లో “హక్కు కోల్పోలేదు” అని సవరించాక సూచికలో “హక్కు కోల్పోయింది” అన్న పాత మాట మిగిలిపోతే మన సూచిక ఎదుటి పక్షం తరఫున వాదించినట్టవుతుంది. ఒకరు ఒంట్లోని శీర్షికను పైకి చదువుతుంటే ఇంకొకరు సూచికలో వేలు పెట్టి మాట మాటా చూస్తే పావుగంటలో తేలిపోతుంది. ముందు భాగానికి రోమన్ అంకెలు, వాదనకు మామూలు అంకెలు ఉంటాయి కాబట్టి, పీడీఎఫ్ చూపే పేజీ అంకెను కాదు, కాగితం అడుగున అచ్చయిన అంకెనే పట్టికలో రాయాలి.

ఇంత చేసినా తీర్పులో మనం చెప్పిన మాట నిజంగా ఉందా అన్నది తేలదు. 275ను 257 అని ఒంట్లోనూ పట్టికలోనూ ఒకేలా తప్పు రాస్తే రెండూ చక్కగా కలిసిపోతాయి. దానికి సంపుటి తెరిచి చూడటం వేరే పని, దాన్ని ముందే ముగించుకోవాలి.

విద్యార్థులకు ఒక్క మాట. వాదన రాసినవాళ్లకు “రాష్ట్రీయ ఇస్పాత్” అంటే ఏ కేసో ముందే తెలుసు కాబట్టి వాళ్ల కంటికి ఆ తప్పు ఆనదు. షీటు ఎక్కించే పని ఆ భాగం రాయనివారికి ఇవ్వండి. గడువుకు ముందు ఒక పూట మిగిలేలా వచనం మూసేసి, పీడీఎఫ్ తీశాకే మొదలుపెట్టండి. ఆ తర్వాత ఒక్క వాక్యం మార్చినా, మార్చిన చోటు నుంచి చివరిదాకా షీటును మళ్లీ చూడండి.