తగ్గిన బిల్లును నమ్మని మనిషి

హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖతో మొదలై మన పట్టణాల్లో సోడియం దీపాల చోట ఎల్‌ఈడీలు వచ్చాయి. బిగించేవాళ్లు బిగించి వెళ్లిపోతారు. చెప్పినంత కరెంటు మిగిలిందా అని ఆ తర్వాత నెలనెలా లెక్క చూసే మనిషంటే నాకు మహా ఇష్టం.

గూడూరులో ఒక స్విచ్చు పాయింటు కింద 40 దీపాలున్నాయనుకుందాం. పాతవి చోక్‌తో కలిపి 85 వాట్లు, కొత్తవి 35. రాత్రికి 11 గంటలు వెలిగితే నెలకు 1122 యూనిట్లు 462కి దిగాలి, అంటే 660 ఆదా. కాగితం మీద అంతే. లెక్క తెలిసిన మనిషి మాత్రం పాత దీపాల్లో నిజంగా వెలిగినవి ఎన్నని ముందు అడుగుతాడు. ఎనిమిది మాడిపోయి ఉంటే పాత వాడకం 898 యూనిట్లే, అసలు ఆదా 436. అయితే చీకట్లో ఉన్న ఆ ఎనిమిది చోట్లా వెలుగొచ్చింది. దాన్ని ఆయన వేరే గడిలో రాస్తాడు.

రూపాయలు చూడడు, రేటు మారితే అవి అబద్ధమాడతాయి. యూనిట్లే చూస్తాడు. 462 రావాల్సిన చోట 600 వస్తే టైమరు చెడి పగలు కూడా వెలుగుతున్నాయేమో, కొత్త స్తంభాలేమైనా కలిశాయేమో కనుక్కుంటాడు. 400 వస్తే పైవాళ్లు మెచ్చుకుంటారు గానీ ఆయనకు అనుమానం. దీపాలు ఆరిపోయినా బిల్లు తగ్గుతుంది కదా! ఆ రాత్రే టార్చి పట్టుకుని వీధుల్లో స్తంభాలు లెక్కపెట్టడానికి బయల్దేరతాడు.