లేని వరుసను పట్టుకునే చదువు

ప్రోగ్రామ్‌ను నడపకుండా, కేవలం చదివి తప్పులు పట్టడాన్ని స్టాటిక్ టెస్టింగ్ అంటారు. పీర్ రివ్యూ, వాక్‌త్రూ, ఫార్మల్ ఇన్‌స్పెక్షన్ అని ఇందులో ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. మూడూ ఒకటేనన్న అభిప్రాయం మన ఆఫీసుల్లో బాగా ఉంది. అది నిజం కాదు. ఒక్కో చదువుకు ఒక్కో రకం తప్పు దొరుకుతుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపాన్ని దగ్గరగా చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

సురక్షిత కనెక్షన్‌లో ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి "ఉన్నావా?" అని చిన్న సందేశం పంపుతుంది, దాని పొడవెంతో కూడా చెబుతుంది. రెండోది అదే సందేశాన్ని తిప్పి పంపాలి. ఆ పని చేసే కోడ్‌లో ముఖ్యమైన వరుసలు ఇవి:

```c
n2s(p, payload);
pl = p;
/* ... */
memcpy(bp, pl, payload);
```

అవతలివాళ్లు చెప్పిన పొడవు `payload`లోకి వస్తుంది. అంత పొడవూ కాపీ అయి జవాబులో వెళుతుంది. మూడక్షరాలు పంపి "అరవై వేలు" అని అబద్ధం చెబితే, పక్కనున్న మెమరీలోని పాస్‌వర్డ్‌లు, రహస్య కీలు కూడా కలిసి వెళ్లిపోతాయి. రాసిన వరుసల్లో ఏదీ తప్పు కాదు. ఉండాల్సిన వరుస ఒకటి లేదు, అంతే. నిజాయితీగా పొడవు చెప్పే క్లయింట్‌తో ఎన్ని టెస్టులు నడిపినా అన్నీ పాసవుతాయి.

ఈ కోడ్‌ను చేర్చే ముందు ఇంకొకరు చూశారు. అంటే పీర్ రివ్యూ జరిగింది. అందులో చదివేవారి ముందుండేది మారిన వరుసలే. తలకిందులైన షరతు, విడుదల చేయని మెమరీ, రెండుసార్లు పడిన వరుస, అర్థం కాని పేరు లాంటివి అక్కడ బాగా దొరుకుతాయి. కానీ కన్ను ఉన్నదాన్ని చూస్తుంది. లేనిదాన్ని ఎవరో పనిగట్టుకుని అడగాలి.

వాక్‌త్రూలో రాసినవారే నడిపిస్తారు. ఒక ఉదాహరణ తీసుకుని, డేటా ఎటు వెళుతుందో అంచెలంచెలుగా చెబుతారు. అవసరాన్ని ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకుంటే ఇక్కడ బయటపడుతుంది. డిజైన్‌లోనే తేడా ఉన్నా తెలుస్తుంది. అందుకే కోడ్ కంటే ముందు, డిజైన్ దశలో దీని విలువ ఎక్కువ. చిక్కల్లా ఏమిటంటే, వినేవాళ్లు రాసినవారి ఊహల వెంటే నడుస్తారు. "ఇక్కడ పొడవు వస్తుంది" అని ఆయన చెబితే అందరూ తలూపుతారు. టెస్టింగ్ నుంచి వచ్చిన ఒకరు "ఆ పొడవు అబద్ధమైతే?" అని అడిగితే సరే, లేకపోతే లేదు.

ఇన్‌స్పెక్షన్ ఆ ప్రశ్నను అదృష్టానికి వదలదు. ఐబీఎంలో మైకేల్ ఫేగన్ రూపొందించి 1976లో ప్రచురించిన పద్ధతి ఇది. ముందు అందరూ విడివిడిగా, చెక్‌లిస్టు పెట్టుకుని చదువుకొస్తారు. మోడరేటర్ సమావేశం నడుపుతారు, అది రెండు గంటలు దాటకూడదు. వేగం గంటకు సుమారు వంద వరుసలు. కోడ్‌ను రాసినవారు కాకుండా మరొకరు తన మాటల్లో వినిపిస్తారు. దొరికిన తప్పును రాసుకుంటారు గానీ అక్కడే దిద్దడానికి కూర్చోరు. దిద్దుబాటు తర్వాత జరుగుతుంది, అది సరిగ్గా జరిగిందో లేదో మోడరేటర్ చూస్తారు.

మన నాలుగు వరుసలను ఆ గదిలో పెడదాం. చదివేవారు "అవతలివాళ్లు చెప్పినంత పొడవు కాపీ చేస్తున్నాం" అని పైకి అనాల్సి వస్తుంది. చెక్‌లిస్టులో "బయటి నుంచి వచ్చిన పొడవును, నిజంగా అందినదానితో పోల్చారా?" అన్న ప్రశ్న ఉంటుంది. బల్లమీద మూల పత్రం RFC 6520 ఉంటుంది. చెప్పిన పొడవు మరీ ఎక్కువైతే సందేశాన్ని చప్పుడు చేయకుండా వదిలేయమని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని పాటించే వరుస కోడ్‌లో ఎక్కడుందని వెతికితే దొరకదు. తర్వాత చేర్చిన సవరణ సరిగ్గా అదే:

```c
if (1 + 2 + payload + 16 > s->s3->rrec.length)
    return 0;
```

ఖర్చు మాత్రం ఎక్కువే. నలుగురి సమయం పడుతుంది. సమావేశంలో కంటే ముందు విడిగా చదివినప్పుడే ఎక్కువ తప్పులు దొరుకుతాయని 1993లో లారెన్స్ వోటా చూపించారు. కాబట్టి సమావేశాన్ని కుదించవచ్చు. చెక్‌లిస్టుతో చేసే ముందస్తు చదువును మాత్రం వదలకూడదని నా అభిప్రాయం. తప్పుల చిట్టాలో పేర్లు, ఖాళీల గురించిన వ్యాఖ్యలే నిండి ఉంటే ఎవరూ చదవకుండా వచ్చారని అర్థం. తప్పుల లెక్కను మేనేజర్ జీతాల పెంపుకు వాడడం మొదలుపెడితే చిట్టాలో అసలు తప్పులు రాయడమే మానేస్తారు.

ఎంత బాగా చదివినా అందని తప్పులూ ఉన్నాయి. రద్దీ పెరిగినప్పుడే వచ్చే నెమ్మది, రెండు థ్రెడ్‌లు అరుదుగా ఢీకొనే సందర్భం లాంటివి నడిపి చూస్తేనే తేలుతాయి. ఇక చదివి పట్టగల తప్పుల విషయానికొస్తే, మామూలు మార్పులకు పీర్ రివ్యూ చాలు. కొత్త డిజైన్‌కు వాక్‌త్రూ పెట్టాలి. నెట్‌వర్క్ నుంచో ఫైల్ నుంచో వచ్చిన సంఖ్యను నమ్మి మెమరీని ముట్టుకునే ఫంక్షన్‌లను ముందే గుర్తించి, ఇన్‌స్పెక్షన్ గంటలన్నీ వాటి మీదే పెట్టాలి.