రెండో ప్రూఫు దాటాక వచ్చిన వ్యాసం

“ఒక్క వ్యాసమేనమ్మా, ఐదో దాని తర్వాత పెట్టేయ్” అన్నారు మాస్టారు ఫోన్లో. ఆయన పుస్తకానికి 160 పేజీలు, పేజీకి 60 రూపాయలు, రెండు ప్రూఫులు అని మొదట్లోనే రాసుకున్నాం. రెండో ప్రూఫు కూడా అయిపోయింది. కొత్త వ్యాసం పేజీల్లో పోస్తే 20 వచ్చింది.

ఆయనకది ఒక్క వ్యాసమే. నాకు మాత్రం అక్కణ్నుంచి పేజీ అంకెలన్నీ జరుగుతాయి, పదసూచిక మొత్తం మళ్లీ సరిచూడాలి, పుస్తకం లావెక్కుతుంది కనుక అట్ట మీద స్పైన్ కూడా మార్చాలి. ఒకప్పుడు మొహమాటంతో ఇలాంటివి చేసేసి చివర్లో బిల్లులో కలిపేదాన్ని. “ముందే చెప్పొచ్చు కదమ్మా” అనేవారు రచయితలు. వాళ్ల మాటే న్యాయం.

అందుకే ఇప్పుడు జవాబు రాసేముందు వచ్చిన దిద్దుబాట్లన్నీ ఒక్కొక్కటే చూస్తాను. వ్యాసంతో పాటు మాస్టారు 31 చోట్ల టిక్కు పెట్టి పంపారు. వాటిలో తొమ్మిది నా తప్పులే. అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోయాయి. నా తప్పు ఎన్నో ప్రూఫులో దొరికినా దిద్దడం నా బాధ్యతే, దానికి డబ్బు అడగకూడదు. మిగతా 22 ఆయన వాక్యాలు మార్చుకున్నవి.

ఉత్తరం ఇలా రాశాను:

“మాస్టారికి నమస్కారం. వ్యాసం అందింది. తొమ్మిది అక్షరదోషాలు నావి, రేపటికల్లా దిద్ది పంపుతాను. కొత్త వ్యాసం, 22 మార్పులు మనం అనుకున్న పనిలో లేవు కనుక పాత లెక్కలో చేయలేను. చేయాలంటే ఇలా చేయవచ్చు. మీ పుస్తకం ఇప్పుడు సరిగ్గా పది ఫారాలు. వ్యాసాన్ని 16 పేజీలకు కుదిస్తే పదకొండు ఫారాలతో సరిపోతుంది, 20 అయితే పన్నెండో ఫారంలోకి నాలుగు పేజీలు పోయి అచ్చు ఖర్చు పెరుగుతుంది. 16 పేజీలకు 960, మార్పులు, పదసూచిక, అట్టకు 1,500, మొత్తం 2,460 రూపాయలు. నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. వద్దనుకుంటే పుస్తకం ఉన్నది ఉన్నట్టే శుక్రవారం ప్రెస్సుకు పంపుతాను, వ్యాసాన్ని రెండో ముద్రణకు దాచుకోవచ్చు. మీరు ఏది సరేనంటే అది ఒక్క ముక్క రాసి పంపండి, అప్పుడు మొదలుపెడతాను.”

ఇందులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఫారాల వాక్యం గురించి. నా డబ్బు అడిగే ముందు ఆయన డబ్బు ఎక్కడ మిగులుతుందో చెప్పడం నా పనిలో భాగమే. “నాకు చాలా పనులున్నాయి” లాంటి సాకులు రాయను. సాకు చెబితే అవతలివారు దాన్నే పట్టుకుని బతిమాలతారు. అసలు విషయం పక్కకు పోతుంది.

మాస్టారు వెంటనే ఫోన్ చేసి “సరే కానియ్” అన్నారు. “వాట్సాప్‌లో కూడా ఆ మాట పెట్టండి మాస్టారూ” అని అడిగాను. మర్నాడు మెసేజ్ పెట్టారు, వ్యాసంలో రెండు ఉపకథలు తీసేసి 16 పేజీలకు తెచ్చానని. పుస్తకం పదకొండు ఫారాల్లో అచ్చయింది.

మీ దగ్గరికీ ఇలాంటి ఫోన్ వస్తే, పని మొదలుపెట్టకముందే ఉత్తరం రాయండి.